విస్తృతి విశ్లేషణ పట్టిక: చేతి లెక్కగా దాని చరిత్ర

పెద్దపల్లి జిల్లా బసంత్‌నగర్ పేరు చెప్పగానే ఆ ప్రాంతం వారికి గుర్తొచ్చేది సిమెంటు కంపెనీ. ఒకవైపు సింగరేణి బొగ్గు, మరోవైపు సున్నపురాయి అందుబాటులో ఉన్న ఆ చోట కేశోరాం సిమెంటు కర్మాగారం 1969లో ఉత్పత్తి మొదలుపెట్టింది. సిమెంటు కర్మాగారం ఏదైనా దానికొక పరీక్షశాల ఉంటుంది. అక్కడ ఒక వంతు సిమెంటుకు మూడు వంతుల ప్రామాణిక ఇసుక కలిపి, 70.6 మిల్లీమీటర్ల భుజం గల చిన్న క్యూబులు పోస్తారు. ఆ ఇసుక తమిళనాడులోని ఎన్నూరు నుంచి వస్తుంది. క్యూబులను నీటిలో ఉంచి 3, 7, 28 రోజులకు యంత్రంలో పెట్టి నలిపేస్తారు. ఏ ఒత్తిడి దగ్గర క్యూబు పగిలిందో అదే ఆ సిమెంటు బలం. 53 గ్రేడు సిమెంటు 28 రోజులకు కనీసం 53 మెగాపాస్కల్‌లు తట్టుకోవాలి. ఒక నమూనాకు మూడు క్యూబులు పగలగొట్టి వాటి సగటును ఆ నమూనా బలంగా రాసుకుంటారు.

ఇప్పుడు ఒక ప్రశ్న. ఒకే క్లింకర్‌ను మూడు వేర్వేరు మిల్లుల్లో పొడి చేస్తున్నారనుకోండి. ఒక మిల్లు సిమెంటు మిగతా రెండింటికన్నా బలంగా ఉన్నట్లు రిజిస్టరులో కనిపిస్తోంది. అది నిజంగా మిల్లు వల్ల వచ్చిన తేడానా, లేక ఏ రెండు రోజుల నమూనాల మధ్యనైనా ఉండే మామూలు హెచ్చుతగ్గేనా? మిల్లును ఆపి లోపలి గుండ్లు, జిప్సం పాళ్లు సరిచూడాలంటే ఖర్చు అవుతుంది. లేని తేడాను ఉందనుకుంటే ఆ ఖర్చు దండగ. ఉన్న తేడాను లేదనుకుంటే బలహీనమైన సిమెంటు సంచుల్లోకి వెళుతుంది. ఈ భాగంలో మీరు చేయబోయే లెక్క సరిగ్గా ఇలాంటి ప్రశ్న కోసమే పుట్టింది. కాకపోతే అది పుట్టింది సిమెంటు పరీక్షశాలలో కాదు, ఇంగ్లండులోని ఒక వ్యవసాయ క్షేత్రంలో.

లండన్‌కు ఉత్తరాన ఉన్న రోథమ్‌స్టెడ్ కేంద్రంలో 1843 నుంచి పొలం ప్రయోగాలు సాగుతున్నాయి. ఏ మడికి ఏ ఎరువు వేశారో, ఎంత దిగుబడి వచ్చిందో తెలిపే లెక్కలు డెబ్బై ఏళ్లకు పైగా పేరుకుపోయాయి. వాటి నుంచి ఏమైనా తేలుతుందేమో చూడమని 1919లో రోనాల్డ్ ఫిషర్ అనే యువ గణితజ్ఞుణ్ణి పనిలో పెట్టుకున్నారు. ఆయన అంతకు ముందు ఏడాదే, అంటే 1918లో, వంశపారంపర్యంపై రాసిన ఒక వ్యాసంలో ప్రామాణిక విచలనపు వర్గానికి 'వేరియెన్స్' అని పేరు పెట్టాడు. దానినే మనం విస్తృతి అంటున్నాం. కొత్త పేరు అవసరం ఎందుకొచ్చిందన్నదే ఇక్కడ కీలకం. స్వతంత్రంగా పనిచేసే రెండు కారణాలు ఒక కొలతను అటూ ఇటూ కదిపితే, వాటి ప్రామాణిక విచలనాలు కూడితే మొత్తం విచలనం రాదు. వాటి వర్గాలు మాత్రం చక్కగా కూడుతాయి. కూడేది ఏదైనా విడదీయడానికి కూడా వీలవుతుంది. విస్తృతి విశ్లేషణ అంటే ఈ విడదీతే.

లెక్కలోకి దిగుదాం. కింది అంకెలు అభ్యాసం కోసం అల్లినవి. ఏ కర్మాగారపు రిజిస్టరు నుంచీ తీసుకోలేదు. మూడు మిల్లుల్లో ఒక్కోదాని నుంచి నాలుగు వేర్వేరు రోజుల్లో నాలుగు నమూనాలు తీశాం. ప్రతి అంకె ఒక నమూనా 28 రోజుల బలం, మెగాపాస్కల్‌లలో.

| మిల్లు | నమూనాల బలం | మొత్తం | సగటు |
|---|---|---|---|
| క | 55, 58, 57, 58 | 228 | 57 |
| చ | 60, 64, 59, 61 | 244 | 61 |
| ట | 55, 58, 57, 54 | 224 | 56 |
| అన్నీ | 12 నమూనాలు | 696 | 58 |

ముందు సూత్రం లేకుండా చూడండి. చ మిల్లులో రెండో నమూనా 64. అందరి సగటు 58 కనుక అది 6 ఎక్కువ. ఈ 6లో 3 చ మిల్లు సగటు 61 కావడం వల్ల వచ్చింది. మిగతా 3 ఆ మిల్లులోనే ఆ రోజు నమూనా మిగతావాటికన్నా బలంగా ఉండటం వల్ల వచ్చింది. పన్నెండు అంకెలనూ ఇలాగే రెండు ముక్కలు చేయవచ్చు. ఆ ముక్కలను విడివిడిగా వర్గం చేసి కూడితే, మిల్లుల మధ్య వర్గాల మొత్తం, మిల్లుల లోపలి వర్గాల మొత్తం వస్తాయి. ఈ రెండూ కలిస్తే మొత్తం వర్గాల మొత్తం. అడ్డు లబ్ధాలు ఎందుకు మిగలవని మీకు అనుమానం రావచ్చు. ఒక మిల్లు లోపలి విచలనాలన్నీ కూడితే సున్నా అవుతుంది కాబట్టి అడ్డు లబ్ధాల మొత్తం కూడా సున్నా అవుతుంది. క మిల్లులో −2, 1, 0, 1 కూడి చూడండి.

అలా నేరుగా చేస్తే మిల్లుల మధ్య మొత్తం 4 × (1 + 9 + 4) = 56. క సగటు 58కి 1 తక్కువ, చ 3 ఎక్కువ, ట 2 తక్కువ, ఒక్కో మిల్లుకు నాలుగేసి నమూనాలు. మిల్లుల లోపలి మొత్తం క వద్ద 4 + 1 + 0 + 1 = 6, చ వద్ద 1 + 9 + 4 + 0 = 14, ట వద్ద 1 + 4 + 1 + 4 = 10, వెరసి 30. రెండూ కలిపి 86.

మీ పరీక్షలో సగటులు ఇంత చక్కగా పూర్ణాంకాలు కావు. రోథమ్‌స్టెడ్‌లోనూ కాలేదు. సగటు 58.0833 అయితే ప్రతి విచలనం దశాంశాలతో నిండిపోతుంది. పన్నెండు అంకెలకే విసుగు పుడుతుంది, వందల మడులకైతే చెప్పనక్కరలేదు. ఫిషర్ దగ్గర ఉన్నది 'మిలియనీర్' అనే స్విస్ లెక్కల యంత్రం. చేతితో తిప్పే ఆ యంత్రం గుణకారాన్ని వేగంగా చేసేది. కాబట్టి విచలనాల జోలికి పోకుండా అసలు అంకెలను వర్గం చేసి కూడుకుంటూ పోయి, చివర్లో ఒకే ఒక్కసారి తీసివేయడం వారికి సులువు. పాఠ్యపుస్తకాల్లో మీరు చూసే పద్ధతికి ఆకారం ఇచ్చింది యంత్రాలపై సాగిన ఈ పనే. చివర్లో తీసివేసే ఆ అంకెను దిద్దుబాటు పదం, అంటే కరెక్షన్ ఫ్యాక్టర్ అంటారు.

```
C   = 696² / 12                    = 484416 / 12 = 40368
SST = 55² + 58² + ... + 54² − C    = 40454 − 40368 = 86
SSB = (228² + 244² + 224²)/4 − C   = 40424 − 40368 = 56
SSW = SST − SSB                    = 86 − 56 = 30
```

ఇక్కడ SST మొత్తం వర్గాల మొత్తం, SSB మిల్లుల మధ్యది, SSW మిల్లుల లోపలిది. మిల్లుల్లో నమూనాల సంఖ్య సమానంగా లేకపోతే ప్రతి మొత్తం వర్గాన్నీ దాని సొంత నమూనాల సంఖ్యతోనే భాగించి ఆ తర్వాతే కూడాలి. అన్నిటినీ ఒకే సంఖ్యతో భాగించడం జవాబు పత్రాల్లో తరచూ కనిపించే పొరపాటు.

ఈ దగ్గరదారిలో ఒక గొయ్యి ఉంది, అక్కడ కాస్త ఆగుదాం. 40454, 40368 రెండూ పెద్ద అంకెలు. మనకు కావలసింది వాటి మధ్య ఉన్న చిన్న తేడా మాత్రమే. పెద్ద అంకెలో చిన్న సవరింపు జరిగినా తేడా అంతా తారుమారవుతుంది. ఎంత తారుమారో చూడటానికి చ మిల్లు మొదటి నమూనాను 60 బదులు 61 చేయండి. మొత్తం 697, సగటు 58.0833. ఒక విద్యార్థి ఈ సగటును 58.1గా సవరించుకొని, దిద్దుబాటు పదాన్ని 12 × 58.1² అని లెక్కించాడనుకుందాం. అది 40507.32 వస్తుంది. 697 వర్గాన్ని 12తో భాగిస్తే వచ్చే సరైన విలువ 40484.08. తేడా 23కు పైగా! నలభై వేలలో ఇరవైమూడు ఏపాటిదిలే అనిపిస్తుంది. కానీ సరైన మిల్లుల మధ్య మొత్తం 62.17 కాగా ఆ విద్యార్థికి వచ్చేది 38.93 మాత్రమే.

అసలు చిక్కు ఇంకోటుంది. ఈ తప్పు పట్టికలో కనపడదు. ఒకే తప్పు దిద్దుబాటు పదాన్ని SST నుంచీ SSB నుంచీ తీసేస్తాం కాబట్టి లోపలి మొత్తం సరిగ్గా 28.75గానే వస్తుంది. 38.93, 28.75 కూడితే 67.68 వస్తుంది, పట్టిక అడుగున ఉన్న మొత్తం కూడా అదే. అన్నీ కుదిరాయని విద్యార్థి సంతోషపడతాడు. పట్టిక కూడిందంటే లెక్క సరైనదని అర్థం కాదు, తీసివేతలు సరిగ్గా చేశారని మాత్రమే. అందువల్ల రెండు జాగ్రత్తలు తీసుకోండి. దిద్దుబాటు పదాన్ని ఎప్పుడూ సగటు నుంచి కాక మొత్తం నుంచే లెక్కించండి. రెండోది, లెక్క మొదలుపెట్టే ముందే అంకెలన్నిటి నుంచి ఒకే స్థిరసంఖ్యను తీసేయండి. మన మొదటి అంకెల నుంచి 50 తీసేస్తే మిల్లుల మొత్తాలు 28, 44, 24 అవుతాయి, అన్నీ కలిపి 96. దిద్దుబాటు పదం 9216 / 12 = 768. వర్గాల కూడిక 854, తేడా 86. మిల్లుల మధ్య (784 + 1936 + 576) / 4 = 824, అందులోంచి 768 పోగా 56. జవాబులు అవే, అంకెలు మాత్రం చిన్నవి. అందరి విలువలనూ ఒకేలా జరిపితే విచలనాలు మారవు కాబట్టి ఇది చెల్లుతుంది. ఇక SSW ఎప్పుడైనా రుణసంఖ్యగా వస్తే మరో ఆలోచన లేకుండా వెనక్కు వెళ్లండి. వర్గాల మొత్తం రుణం కావడం అసాధ్యం.

56, 30 అని వచ్చాయి. 56 పెద్దది కాబట్టి మిల్లుల మధ్య తేడా ఉందనేయవచ్చా? వీల్లేదు. 56 వచ్చింది మూడు సగటుల నుంచి, 30 వచ్చింది పన్నెండు నమూనాల నుంచి. వాటిని ఒకే కొలబద్దకు తేవాలి. మూడు సగటులు ఒక సాధారణ సగటు చుట్టూ ఉన్నాయి. రెండింటి విచలనాలు తెలిస్తే మూడోది దానంతటదే తేలిపోతుంది. కాబట్టి స్వేచ్ఛగా కదిలేవి 2 మాత్రమే. ఒక్కో మిల్లు లోపల నాలుగింటిలో మూడే స్వేచ్ఛగా కదులుతాయి, మూడు మిల్లులకు 9. మొత్తం 11, అంటే 12 − 1. స్వేచ్ఛగా కదిలే విలువల ఈ సంఖ్యనే డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అంటారు. వర్గాల మొత్తాన్ని దానితో భాగిస్తే సగటు వర్గం వస్తుంది.

| మూలం | డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ | వర్గాల మొత్తం | సగటు వర్గం | నిష్పత్తి |
|---|---|---|---|---|
| మిల్లుల మధ్య | 2 | 56 | 28 | 8.4 |
| మిల్లుల లోపల | 9 | 30 | 3.33 | |
| మొత్తం | 11 | 86 | | |

మిల్లుల మధ్య నిజమైన తేడా ఏమీ లేదన్న శూన్య పరికల్పనే నిజమైతే 28, 3.33 రెండూ ఒకే విస్తృతికి రెండు వేర్వేరు అంచనాలు. అప్పుడు వాటి నిష్పత్తి ఒకటికి దగ్గరలో ఉండాలి. మనకు 8.4 వచ్చింది. ఒకటికన్నా ఎంత ఎక్కువైతే నమ్మాలి? అందుకు ఒక సంభావ్యతా పట్టిక కావాలి. ఇక్కడే మన దేశం కథలోకి వస్తుంది.

ఈ ప్రశ్నకు ఫిషర్ 1924లో జవాబు కనుగొని, 1925లో వచ్చిన 'స్టాటిస్టికల్ మెథడ్స్ ఫర్ రీసెర్చ్ వర్కర్స్' పుస్తకంలో పట్టిక ఇచ్చాడు. అయితే ఆ పట్టిక నిష్పత్తికి కాదు, దాని సహజ సంవర్గమానంలో సగానికి. దానికి ఆయన పెట్టిన పేరు z. గణితపరంగా అందుకు కారణాలున్నాయి. సంవర్గమానం తీసుకుంటే విభాజనం కొంత సౌష్ఠవంగా మారుతుంది, పట్టికలో రాయని విలువలను మధ్యలో అంచనా వేసుకోవడం తేలికవుతుంది. కానీ లెక్క చేసేవాడి చేతికి మరో పుస్తకం, అంటే సంవర్గమానాల పట్టిక, అవసరమైంది. మన 8.4కు సంవర్గమానం 2.128, అందులో సగం 1.064. ఆ తర్వాత z పట్టిక చూడాలి.

కలకత్తాలో 1931లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించిన ప్రశాంత చంద్ర మహలనోబిస్‌కు వ్యవసాయ ప్రయోగాలు చేసేవారి నుంచి లెక్కలు వస్తుండేవి. సంవర్గమానాలు అలవాటు లేని వారికి ఈ మలుపు ఎంత ఇబ్బందో ఆయనకు తెలుసు. 1932లో 'ఇండియన్ జర్నల్ ఆఫ్ అగ్రికల్చరల్ సైన్స్'లో, సంవర్గమానం తీసుకోనక్కర్లేకుండా విస్తృతుల నిష్పత్తిని నేరుగా పోల్చుకునే పట్టికలు ప్రచురించాడు. రెండేళ్ల తర్వాత, 1934లో, అమెరికాలోని అయోవాలో జార్జ్ స్నెడెకర్ కూడా నిష్పత్తికే పట్టిక వేసి, ఫిషర్ గౌరవార్థం దానికి F అని పేరు పెట్టాడు. పేరు నిలిచిపోయింది. మీ పుస్తకం చివర ఉన్న ఎఫ్ పట్టిక ఈ రూపంలోదే. నా మట్టుకు, పేరు స్నెడెకర్ పెట్టిందే అయినా, పట్టికను సామాన్య వాడుకరి చేతికి ముందుగా అందించిన ఘనత కలకత్తాకే దక్కాలనిపిస్తుంది.

పట్టిక చూడటంలో తడబాటు సాధారణంగా వరుస దగ్గర వస్తుంది. పైభాగంలో లవపు డిగ్రీలు, మనకు 2. పక్కన హారపు డిగ్రీలు, మనకు 9. ఈ రెంటినీ తారుమారు చేస్తే పూర్తిగా వేరే విలువ దొరుకుతుంది. 2, 9 దగ్గర 5 శాతం సార్థకతా స్థాయిలో 4.26, 1 శాతంలో 8.02 ఉంటాయి. మన 8.4 రెంటినీ దాటింది. మిల్లుల మధ్య తేడా ఏమీ లేకుండానే ఇంత పెద్ద నిష్పత్తి రావడానికి నూటికి ఒకటి కన్నా తక్కువ అవకాశం ఉంది. శూన్య పరికల్పనను తిరస్కరిస్తాం. ఏ మిల్లు వేరుగా ఉందో మాత్రం ఎఫ్ చెప్పదు. మూడూ ఒకటి కావని మాత్రమే చెబుతుంది. పైన సగటును సవరించుకున్న విద్యార్థి ఏమయ్యాడో కూడా చూడండి. అతని అంకెలకు సరైన నిష్పత్తి 9.73, అతనికి వచ్చింది 6.09. ఒక శాతం స్థాయిలో తీర్పే మారిపోయింది.

మహలనోబిస్ సంస్థకు 1941లో వచ్చిన ఒక తెలుగు యువకుడి గురించి కూడా ఈ సందర్భంలో చెప్పుకోవాలి. కల్యంపూడి రాధాకృష్ణారావు, అందరూ పిలిచే పేరు సి.ఆర్. రావు, 1920లో హడగళిలో పుట్టాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చదివాడు. 1946లో కేంబ్రిడ్జికి వెళ్లి, ఫిషర్ పర్యవేక్షణలో 1948లో పిహెచ్.డి. పూర్తి చేశాడు. అక్కడ ఆయన పని ప్రాచీన సమాధుల నుంచి తవ్వి తీసిన మనుషుల ఎముకలను కొలవడం. ఒక్కో పుర్రెకు ఒకటి కాదు, అనేక కొలతలుంటాయి. మీరిప్పుడు ఒకే కొలతపై, అంటే బలంపై, చేసిన విడదీతను అనేక కొలతలపై ఒకేసారి చేయడమెలా అన్నది ఆయన ముందున్న సమస్యల్లో ఒకటి. ఆ తరహా విశ్లేషణ మీకు పై తరగతుల్లో వస్తుంది. మొదటి మెట్టు మాత్రం ఈ పట్టికే.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన చిక్కు. ఇందులో కూడికలూ తీసివేతలూ తప్పు కావు. పట్టిక పుట్టినప్పుడే ఈ చిక్కూ దానితో పాటు పుట్టింది.

విస్తృతి విశ్లేషణ పట్టిక అచ్చులో మొదట కనిపించింది 1923లో, ఫిషర్, వినిఫ్రెడ్ మెకెంజీ కలిసి రాసిన వ్యాసంలో. 12 బంగాళాదుంప రకాలు ఏ ఎరువుకు ఎలా స్పందిస్తాయన్నది విషయం. పొలంలో సగానికి పశువుల ఎరువు వేశారు, సగానికి వేయలేదు. ప్రతి సగంలోనూ ఒక్కో రకానికి మూడు మడులిచ్చారు. ప్రతి మడి లోపల వరుసలకు మూడు రకాల రసాయన ఎరువు పద్ధతులు పాటించారు. వ్యాసంలోని పట్టిక ఈ మడులనూ, మడుల లోపలి వరుసలనూ ఒకే గాటన కట్టి, ఒకే దోష విస్తృతితో అన్నిటినీ పోల్చింది. కానీ ఒకే మడిలోని మూడు వరుసలు ఒకే నేలను పంచుకుంటాయి. వాటి మధ్య తేడా, వేరువేరు మడుల మధ్య తేడా ఒక్కటి కావు. దీన్ని సరిదిద్దింది కూడా ఫిషరే. 1925 నాటి పుస్తకంలో అదే ప్రయోగపు అంకెలను తీసుకొని, మడులకు ఒక దోషం, మడుల లోపలి వరుసలకు మరొక దోషం విడివిడిగా లెక్కించాడు.

బసంత్‌నగర్ ఉదాహరణకు తిరిగి వస్తే ఈ చిక్కు మన ముందే ఉంది. మొదట్లో ఏమన్నాం? ఒక నమూనాకు మూడు క్యూబులు పగలగొడతారని. మరి 12 నమూనాలకు 36 క్యూబులు. 'పన్నెండుతో ఎందుకు, ముప్పైఆరుతో చేస్తే లెక్క ఇంకా గట్టిది కదా?' అని మీకే అనిపించవచ్చు. చేసి చూద్దాం. ప్రతి నమూనా సగటు మూడు క్యూబుల నుంచి వచ్చింది కనుక, క్యూబుల స్థాయిలో మిల్లుల మధ్య మొత్తం 56 × 3 = 168 అవుతుంది. మిల్లు లోపల నమూనాల మధ్య మొత్తం 30 × 3 = 90. వీటికి తోడు ఒకే నమూనాలోని మూడు క్యూబుల మధ్య చిన్న తేడా ఉంటుంది. అభ్యాసం కోసం అది 24 డిగ్రీలకు 24 అనుకుందాం.

మూలాలను విడదీయకుండా చేస్తే లోపలి మొత్తం 90 + 24 = 114, డిగ్రీలు 33, సగటు వర్గం 3.45. మిల్లుల సగటు వర్గం 168 / 2 = 84. నిష్పత్తి 24.3. అంతకుముందు 8.4 ఉన్నది మూడు రెట్లకు దగ్గరగా పెరిగింది. కొత్తగా ఒక్క సంచి సిమెంటు కూడా పరీక్షించలేదు, ఉన్న నమూనానే మూడుసార్లు పగలగొట్టాం. మన ఉదాహరణలో ఎలాగూ తీర్పు మారలేదు. కానీ సరైన నిష్పత్తి 8.4 బదులు 3 అయి ఉంటే 4.26ను దాటేది కాదు, మిల్లుల మధ్య తేడా నిలబడేది కాదు. అవే అంకెలను 36గా లెక్కిస్తే నిష్పత్తి 8.7 వస్తుంది, 5 శాతం హద్దు 3.3 మాత్రమే. లేని తేడా పుట్టుకొచ్చి మిల్లు ఆగిపోయేది.

ఫిషర్ 1925లో చేసినట్టే మూలాలను విడదీసి రాస్తే పట్టిక ఇలా ఉంటుంది.

| మూలం | డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ | వర్గాల మొత్తం | సగటు వర్గం |
|---|---|---|---|
| మిల్లుల మధ్య | 2 | 168 | 84 |
| మిల్లు లోపల నమూనాల మధ్య | 9 | 90 | 10 |
| నమూనా లోపల క్యూబుల మధ్య | 24 | 24 | 1 |
| మొత్తం | 35 | 282 | |

మిల్లులను పోల్చాల్సింది వాటి కింది వరుసతో. 84 / 10 = 8.4. పన్నెండు సగటులతో మనం మొదట చేసిన జవాబే మళ్లీ వచ్చింది. అలా రావడం యాదృచ్ఛికం కాదు. మిల్లు అనే కారణం తగిలేది నమూనాకు, ఒక్కో క్యూబుకు విడిగా కాదు. పరీక్షలో ప్రశ్న చదివేటప్పుడు ఈ ఒక్క సంగతి గమనించండి. ఇచ్చిన అంకెల్లో ఒక్కోటి ఒక స్వతంత్ర నమూనానా, లేక ఒకే నమూనా నుంచి మళ్లీ మళ్లీ తీసిన కొలతా? రెండోదైతే ముందు సగటు తీసి, ఆ తర్వాత ఏకమార్గ పట్టిక వేయండి.

అలాగని క్యూబుల వరుస వృథా కాదు. పరీక్షశాల మనిషికి అది వేరే సంగతి చెబుతుంది. నమూనాల సగటు వర్గం 10లో క్యూబుల విస్తృతి 1 కలిసే ఉంది, మిగిలిన 9 మూడు క్యూబులపై పరచుకున్న నమూనాల విస్తృతి. మూడుతో భాగిస్తే 3. అంటే రోజుకూ రోజుకూ మధ్య విస్తృతి 3, క్యూబుకూ క్యూబుకూ మధ్య 1. నాలుగు రోజులు, రోజుకు మూడు క్యూబులు తీస్తే మిల్లు సగటు విస్తృతి 3/4 + 1/12 = 0.83. అవే పన్నెండు క్యూబులను పన్నెండు రోజులకు ఒక్కొక్కటిగా పంచితే 3/12 + 1/12 = 0.33. పగలగొట్టే క్యూబులు పన్నెండే, యంత్రం మీద పని అంతే. కానీ మిల్లు సగటుపై అనిశ్చితి సగం కన్నా తగ్గిపోయింది.